మూలిగే కూలర్ ఏం చెబుతోంది?

ఎండలు ముదిరాక మూలన పడి ఉన్న కూలర్‌ని బయటికి లాగుతాం. దుమ్ము దులిపి, కొత్త గడ్డి పెట్టి, నీళ్లు పోసి స్విచ్ వేస్తాం. అది సరిగ్గా పనిచేయకపోతే రెండింట్లో ఒకటి జరుగుతుంది. 'గూఁ' అని మూలుగు వస్తుంది గానీ ఏదీ తిరగదు, లేదంటే అసలు చప్పుడే ఉండదు. ఇంట్లోవాళ్లకు రెండూ ఒకటే, కూలర్ పాడైందనే లెక్క. మెకానిక్‌కు మాత్రం సగం పని అక్కడే తేలిపోతుంది. ఎలాగో చూద్దాం.

మూలుగు మంచి కబురే

మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటు వెళ్లి ఇటు వస్తూ ఉంటుంది. ఒక్కో మారుకు ఇనుప రేకుల్ని రెండుసార్లు లాగి వదులుతుంది కాబట్టి సెకనుకు 100 సార్లు అదురు పుడుతుంది. మనకు వినిపించే మూలుగు అదే. అంటే పంపో ఫ్యానో మూలుగుతోందంటే ప్లగ్, కేబుల్, స్విచ్ దాటుకుని కరెంటు చుట్ట దాకా చేరుతోందన్నమాట. తప్పు ఆ తర్వాత ఉంది. ఇరుసు పట్టేసి ఉండాలి, లేదా తిరుగుడు మొదలుపెట్టే శక్తి చాలక ఉండాలి. చప్పుడే లేకపోతే దారిలో ఎక్కడో తెగింది. అప్పుడు స్విచ్, తీగలు, ప్లగ్ వెతకాలి. ఈ తేడా పట్టించుకోకుండా మూలిగే ఫ్యానుకు స్విచ్ మార్చి, పలకని ఫ్యానుకు కెపాసిటర్ మార్చి డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

మూలుగుతున్న మోటారును అలాగే వదిలేయకూడదు. తిరగని మోటారు తిరిగేటప్పటి కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఫ్యాను తిరగక దానికి గాలీ తగలదు. కొద్ది నిమిషాల్లోనే చుట్ట కాలి, మాడు వాసన మొదలవుతుంది.

పంపులో కెపాసిటర్ ఉండదు

ఇంటి కూలర్ల తొట్టిలో మునిగి ఉండే చిన్న ప్లాస్టిక్ పంపు లోపల కెపాసిటర్ గానీ, బ్రష్‌లు గానీ, బేరింగులు గానీ ఉండవు. జిగురు లాంటి రెజిన్‌లో పోత పోసిన తీగచుట్ట ఒకటి, దాని మధ్య చిన్న గొట్టంలో స్తంభంలా నిలిచిన అయస్కాంతం ఒకటి, ఆ అయస్కాంతానికి తగిలించిన ప్లాస్టిక్ రెక్కలు. అంతే సరంజామా. చుట్టలో కరెంటు దిశ మారినప్పుడల్లా అయస్కాంతం సగం చుట్టు తిరుగుతుంది. ఆ లెక్కన నిమిషానికి 3000 చుట్లు. మొదలయ్యేటప్పుడు ఎటు తిరగాలో దానికి తెలియదు. ఒకరోజు కుడికి, ఇంకోరోజు ఎడమకు తిరుగుతుంది. ఎటు తిరిగినా నీళ్లు ఎక్కాలనే రెక్కలను వంపు లేకుండా నిటారుగా చేస్తారు.

ఇలాంటి పంపు మూలుగుతూ నీళ్లు ఎక్కించకపోతే నూటికి ఎక్కువ పాళ్లు సున్నమే కారణం. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. నీరు ఆవిరైపోతుంది, అందులోని లవణాలు మాత్రం తొట్టిలోనే మిగిలి రోజురోజుకూ చిక్కబడతాయి. సీజన్ అయిపోయాక తొట్టి కడిగి ఆరబెట్టకపోతే ఆ తెల్లటి పొర అయస్కాంతాన్ని గొట్టానికి అంటించేస్తుంది. దానికి తోడు గడ్డి పీచులు, తల వెంట్రుకలు ఇరుసుకు చుట్టుకుంటాయి.

ప్లగ్ పీకి పంపును పైకి తీయండి. ముందువైపు జల్లెడ మూత లాగితే ఊడుతుంది. దాని కింద ఇంకో చిన్న మూత, అది తీస్తే రెక్కలు కనిపిస్తాయి. రెక్కల్ని పట్టుకుని మెల్లగా లాగితే అయస్కాంతంతో సహా బయటికి వస్తుంది. మధ్యలో ఉండే సన్నటి పింగాణీ ఇరుసు పెళుసు, వంచితే పుటుక్కున విరుగుతుంది. కాబట్టి నిలువుగానే లాగాలి. విడిభాగాలను వెనిగర్‌లోనో, లీటరు నీటిలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపిన ద్రావణంలోనో అరగంట నానబెడితే సున్నం బుడగలు కక్కుతూ కరుగుతుంది. గొట్టం లోపల పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలు. స్క్రూడ్రైవర్‌తో గీకితే గొట్టం చిల్లుపడుతుంది, ఆ పంపు ఇక నీళ్లలో పెట్టడానికి పనికిరాదు.

శుభ్రం చేశాక రెక్కల్ని చేత్తో తిప్పి చూస్తే రెండు విషయాలు కంగారు పెడతాయి. అయస్కాంతం సగం చుట్టుకొకసారి ఎవరో పట్టి లాగినట్టు ఆగుతుంది. అది లోపలి ఇనుప రేకులు లాగే లాగుడు, అలాగే ఉండాలి. చాలా పంపుల్లో రెక్కలు అయస్కాంతంతో గట్టిగా అతికి ఉండవు, కొంతదూరం వదులుగా తిరిగి ఆ తర్వాతే పట్టుకుంటాయి. అది విరిగిపోవడం కాదు. నీటి బరువు మీద పడకముందే అయస్కాంతం కాస్త వేగం అందుకోవడానికి వదిలిన సందు అది. సున్నం ఆ సందులో గడ్డకడితే బయటికి అంతా వదులుగానే కనిపిస్తుంది గానీ పంపు మూలుగుతూనే ఉంటుంది. కాబట్టి నానబెట్టాక ఆ సందు మళ్లీ వచ్చిందో లేదో తప్పక చూడాలి.

పంపును ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు నింపి ముంచి, చేతులు బయట పెట్టుకున్నాక ప్లగ్ పెట్టండి. గొట్టం తగిలించకుండా చూస్తే పంపు సంగతి ఒక్కటే తెలుస్తుంది. బకెట్‌లో నీళ్లు బాగా చిమ్మి, కూలర్‌లో మాత్రం గడ్డి తడవకపోతే తప్పు గొట్టంలోనో, పైన నీళ్లు పంచే చిల్లుల్లోనో ఉంది. తొట్టిలో నీళ్లు అయిపోయినా పంపును నడిపితే దాన్ని చల్లార్చేదేమీ ఉండదు, ఇరుసు అరిగి, రెజిన్ వేడెక్కి పగుళ్లిస్తుంది. అలా పగిలిన పంపు తిరుగుతున్నా సరే, పారేయవలసిందే.

తట్టి లేపితే లేచే ఫ్యాను

ఫ్యాను మోటారు కథ పూర్తిగా వేరు. అందులో శాశ్వత అయస్కాంతం ఉండదు. ఒకే ఫేజు కరెంటు పుట్టించే అయస్కాంత బలం ముందుకూ వెనక్కూ సమానంగా ఊగుతుంది. అందుకని ఆగి ఉన్న ఇరుసును ఎటూ కదిలించలేదు. అయితే ఎవరైనా ఒకవైపు నెట్టి వదిలితే అదే బలం దాన్ని ఆ వైపే తిప్పుకుంటూ పోతుంది. ఆ మొదటి తోపు కోసమే మోటారులో రెండో చుట్ట పెట్టి, దానికి కెపాసిటర్ తగిలించారు. రెండో చుట్టలో కరెంటు కాస్త ముందు వచ్చేలా చేయడమే కెపాసిటర్ పని. రెండు చుట్టలూ ఒకదాని తర్వాత ఒకటి లాగడంతో ఇరుసుకు తిరగవలసిన దిశ దొరుకుతుంది.

ఇందులోంచే మెకానిక్‌ల పరీక్ష పుట్టింది. ముందు ప్లగ్ తీసి రెక్కను చేత్తో తిప్పి చూస్తారు. నాలుగైదు చుట్లు తిరిగి మెల్లగా ఆగితే ఇరుసు బాగుంది. తర్వాత స్విచ్ వేసి, పొడి పొడవాటి కర్రతో రెక్కను ఒక్క నెట్టు నెట్టి చటుక్కున వెనక్కి తీస్తారు. ఫ్యాను అందుకుని తిరిగితే కెపాసిటర్ గానీ, రెండో చుట్ట గానీ పనిచేయడం లేదని అర్థం. వెనక్కి నెడితే వెనక్కే తిరిగిందంటే అనుమానమే అక్కర్లేదు. వేలు పెట్టి చేసే పని కాదిది. కర్ర పరీక్షకు ధైర్యం చాలకపోతే దాన్ని వదిలేసి నేరుగా మీటర్‌తో కెపాసిటర్ చూడటమే మేలు. కర్రతో రోజూ లేపుతూ నెట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ ఫ్యాను తనంతట తాను లేవదు, అందరూ నిద్రలో ఉండగా మోటారు మూలుగుతూ మాడిపోతుంది.

చిల్లును తానే పూడ్చుకునే కెపాసిటర్

కూలర్ కెపాసిటర్ లోపల పలుచని ప్లాస్టిక్ ఫిల్ము చుట్టలు ఉంటాయి. ఆ ఫిల్ము మీద ఊదినట్టుగా లోహపు పూత. వోల్టేజీ పెరిగినప్పుడు ఫిల్ములో ఎక్కడో సూది మొనంత చిల్లు పడుతుంది. ఆ క్షణంలోనే చిల్లు చుట్టూ ఉన్న పూత ఆవిరైపోయి ఆ చోటు విడిపోతుంది. కెపాసిటర్ షార్ట్ కాకుండా పని సాగిస్తుంది. అయితే ప్రతి చిల్లుతోనూ కాస్త పూత పోతుంది, పూతతో పాటు సామర్థ్యమూ తగ్గుతుంది. పైకి ఉబ్బకుండా, కారకుండా, చెక్కుచెదరకుండా కనిపించే కెపాసిటర్ లోపల సగానికి పడిపోయి ఉండవచ్చు. చూపుతో తీర్పు చెప్పడం కుదరదు, కొలవాలి.

కొలిచే ముందు ప్లగ్ తీసి, కెపాసిటర్ రెండు తీగలకూ 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును ఒక క్షణం తాకించాలి. లోపల మిగిలిన ఛార్జి దిగిపోతుంది. ప్రాణం తీసేంత ఛార్జి ఉండకపోవచ్చు గానీ, చెయ్యి విదిలించుకునే జోరులో రేకు అంచు కోసేస్తుంది. తర్వాత కనీసం ఒక తీగను మోటారు నుంచి విడదీసి, మైక్రోఫారడ్ కొలిచే మల్టీమీటర్ పెట్టాలి. ఒంటి మీద 4 మైక్రోఫారడ్, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం అని ఉంటే 3.8 నుంచి 4.2 మధ్య రావాలి. చిన్న కూలర్లలో ఇది 2.5 ఉంటుంది, రేకు కూలర్ల పెద్ద మోటార్లకు 4 గానీ అంతకు మించి గానీ వాడతారు. పాతదాని మీద ఏ అంకె ఉందో అదే కొనాలి. పెద్దది వేస్తే ఫ్యాను జోరుగా తిరుగుతుందనే నమ్మకం బజారులో గట్టిగా ఉంది. నిజానికి రెండో చుట్టలో అవసరానికి మించి కరెంటు పారి, అది లోలోపల కాలుతుంది.

మన కరెంటు 230 వోల్టులైతే కెపాసిటర్ మీద 440 అని ఎందుకు రాస్తారు? రెండో చుట్టా కెపాసిటరూ ఒకదాని తర్వాత ఒకటి వరుసలో ఉండటం వల్ల, మోటారు పరుగు అందుకున్నాక కెపాసిటర్ కొసల మధ్య వోల్టేజీ సరఫరా కంటే పెరుగుతుంది. 250 వోల్టుల కెపాసిటర్ చవకని వేస్తే ఎండాకాలం గడవకుండానే పోతుంది. ఒక ఊరట ఏమిటంటే, దీని రెండు తీగలకూ ప్లస్సూ మైనస్సూ తేడా లేదు, ఎటు కలిపినా ఒకటే.

పొద్దున తిరిగి, మాపటికి మొరాయించే ఫ్యాను

వరంగల్‌లో ఒక ఇంటి రేకు కూలర్ ముచ్చట ఇది. "పొద్దుగాల మంచిగనే తిరుగుతది అన్నా, మాపటికి గుర్రుమంటది గని కదలది" అని ఆ ఇల్లాలు మెకానిక్‌కు చెప్పింది. తక్కువ స్పీడులో పెడితే పగలు కూడా బద్ధకిస్తోంది. ఎక్కువ స్పీడులో మాత్రం మూలుగు కూడా లేదు, పూర్తి నిశ్శబ్దం. పంపు ఎప్పుడు వేసినా నడుస్తోంది.

ఆ మాటల్లోనే సగం జవాబు ఉంది. సాయంత్రం అందరిళ్లలోనూ ఏసీలు, కూలర్లు, మోటార్లు వేసేసరికి వోల్టేజీ పడిపోతుంది. మోటారు తిప్పే బలం వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాని వర్గంతో తగ్గుతుంది. 230 ఉండాల్సిన చోట 180 వస్తే వోల్టేజీ తగ్గింది సుమారు ఐదో వంతే, బలం మాత్రం దాదాపు 40 శాతం పోతుంది. తక్కువ స్పీడులో చుట్టకు అదనపు తీగ వరుసలో కలిసి బలాన్ని ఇంకా తగ్గిస్తుంది. కెపాసిటర్ బాగుంటే మోటారు ఈ రెండింటినీ తట్టుకుని లేస్తుంది. బలహీనపడితే ముందు సాయంత్రాలు, ముందు తక్కువ స్పీడు దెబ్బతింటాయి.

మెకానిక్ ప్లగ్ తీసి రెక్కను తిప్పి చూశాడు, ఇరుసు హాయిగానే తిరిగింది. అది బిగుసుకుని ఉంటే కథ వేరు. ఇరుసును మోసే బుష్ ఎండిపోయి ఉంటే రెక్క ఒక చుట్టు కూడా తిరగకుండా ఆగుతుంది, దానికి రెండు మూడు చుక్కల మెషీన్ ఆయిల్ కావాలి. కొబ్బరినూనె వేస్తే మొదట వదులుగా అనిపించినా చలికాలంలో గడ్డకట్టి, దుమ్ముతో కలిసి బంక అవుతుంది. ఇక్కడ ఆ అవసరం రాలేదు. 4 అని రాసి ఉన్న కెపాసిటర్ మీటర్‌లో 2.6 చూపించింది. అదే విలువది, 440 వోల్టులది కొత్తది పడింది. తక్కువ స్పీడులో ఫ్యాను వెంటనే అందుకుంది.

మిగిలింది ఎక్కువ స్పీడు. పంపు నడుస్తోంది, మిగతా స్పీడుల్లో ఫ్యాను తిరుగుతోంది. అంటే ప్లగ్, కేబుల్, న్యూట్రల్, ముఖ్యమైన చుట్ట అన్నీ బాగున్నట్టే. ఒకే స్థానంలో నిశ్శబ్దం ఉంటే తప్పు తిప్పే స్విచ్‌లోని ఆ స్థానానిదే, లేదా అక్కడినుంచి మోటారుకు పోయే ఆ ఒక్క తీగదే. అతను ముందు ఫోన్‌తో తీగల ఫోటో తీసుకున్నాడు. తీగల రంగులు కంపెనీకొక రకం, రేకు కూలర్లలోనైతే బిగించినవాడి చేతికి దొరికిన రంగు. ప్లగ్ పీకి, మీటర్‌ను బీప్ మీద పెట్టి, కరెంటు వచ్చే కాలు మీద ఒక కొస, స్పీడు కాళ్ల మీద ఒక్కొక్కటిగా రెండో కొస పెట్టి చూశాడు. రెండు స్థానాల్లో బీప్ వచ్చింది, మూడోదాంట్లో రాలేదు. ఆ కాలికి తొడిగిన లగ్ వదులైపోయి, చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు మారింది.

వదులు లగ్ దగ్గర జరిగేది ఒకటే. పట్టు తగ్గినచోట కరెంటుకు అడ్డు పెరుగుతుంది, అడ్డు వల్ల వేడి, వేడివల్ల పట్టు ఇంకా వదులు. లోపలి కాంటాక్ట్‌ను గీకుడు కాగితంతో రుద్దితే కొన్నాళ్లు పనిచేస్తుంది గానీ పైపూత పోయి మళ్లీ అంతే త్వరగా నల్లబడుతుంది. అందుకని స్విచ్‌నూ లగ్‌నూ రెంటినీ మార్చడమే సరైన పని. అతను అదే చేశాడు.

రెండు తీగల్లోనూ టెస్టర్ వెలిగితే

కూలర్‌లో అన్నీ ఆగిపోయాయి. టెస్టర్ పెడితే ఫేజు తీగలో వెలుగుతోంది, చిత్రంగా న్యూట్రల్ తీగలోనూ వెలుగుతోంది. రెండు ఫేజులు వచ్చాయని కంగారుపడతారు చాలామంది. స్విచ్ వేసి ఉండగా ఇలా జరిగితే ముందు అనుమానించాల్సింది తెగిన న్యూట్రల్‌ని. ఫేజు చుట్టలోంచి దాటి అవతలి తీగకు చేరుతుంది, అక్కడినుంచి వెనక్కిపోయే దారి లేక ఆ తీగ కూడా ఫేజులాగే నిలబడుతుంది. టెస్టర్ వెలగడం కరెంటు ఉందని చెబుతుంది, పారుతోందని చెప్పదు. ప్లగ్ లోపలి స్క్రూ, కూలర్‌లోకి కేబుల్ దూరే మలుపు, ఎలుకలు కొరికే అడుగుభాగం ముందు చూడాల్సిన చోట్లు.

మూడు తీగల లెక్క

రంగులు వెలిసిపోయిన మూడు తీగల మోటారు చేతికొస్తే ఏది ఏదో ఓమ్‌మీటర్ చెబుతుంది. జతలు జతలుగా కొలవాలి. ఉదాహరణకు 55, 80, 135 ఓమ్‌లు వచ్చాయనుకోండి. పెద్దది మిగతా రెండింటి మొత్తం. 135 చూపించిన జతలో లేని తీగే కామన్. ఆ 135 వచ్చిన జత మధ్యే కెపాసిటర్ రావాలి. సాధారణంగా కామన్‌తో తక్కువ ఓమ్‌లు చూపించేది ముఖ్యమైన చుట్ట, దానికీ కామన్‌కూ సరఫరా ఇస్తారు. మొత్తం కలవకపోతే, లేదా ఏ జతలోనైనా మీటర్ కదలకపోతే చుట్ట కాలిందో తెగిందో అయి ఉంటుంది, కెపాసిటర్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. స్పీడు తీగలు విడిగా వచ్చే మోటార్లలో కొలవాల్సిన జతలు పెరుగుతాయి.

కొన్ని మోటార్ల చుట్టలో వేడి ఎక్కువైతే తెంచేసే చిన్న రక్షణ దాగి ఉంటుంది. అందులో రెండు రకాలు. ఒకటి చల్లారాక మళ్లీ కలుస్తుంది. ఆగిపోయిన ఫ్యాను అరగంట తర్వాత తనంతట తానే తిరగడం దీనివల్లే. రెండోది ఒక్కసారికే, తెగితే తెగినట్టే. రెండో రకాన్ని తీసేసి తీగ కలిపేస్తే ఫ్యాను తిరుగుతుంది. అయితే అది ఎందుకు తెగిందో ఆ కారణం, పట్టేసిన బుష్ కావచ్చు, బలహీనపడిన కెపాసిటర్ కావచ్చు, లోపలే ఉండిపోతుంది. ఈసారి ఆపేవాడు ఉండడు, ఎండిన గడ్డి పక్కనే ఉంటుంది.

స్విచ్ ఆపినా షాకు

కూలర్ స్విచ్ రెండు తీగల్లో ఒకదాన్నే తెంచుతుంది. గోడ సాకెట్‌లోనో, ప్లగ్‌లోనో ఫేజు, న్యూట్రల్ తారుమారైతే అది తెంచేది న్యూట్రల్‌ని. ఫ్యాను ఆగుతుంది గానీ మోటారు చుట్ట, పంపు తీగ నిండా ఫేజు ఉంటుంది. అందుకే కూలర్‌లో చెయ్యి పెట్టేముందు, నీళ్లు పోసేముందు కూడా, స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి.

ప్లగ్‌లో పైనుండే లావుపాటి పిన్ను మిగతా రెండింటికంటే పొడుగు. పెట్టేటప్పుడు ముందుగా అదే తగులుతుంది, తీసేటప్పుడు ఆఖరున విడుతుంది. కరెంటు ఉన్నంతసేపూ రేకు ఒళ్లు భూమితో కలిసి ఉండాలన్నది దాని ఉద్దేశం. రెండు పిన్నుల ప్లగ్ వేసినా, ఎర్తింగ్ లేని సాకెట్‌లో పెట్టినా రేకు కూలర్‌కు ఆ రక్షణ పోతుంది. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే అదే మంచి పరీక్షకుడు కూడా. ఫ్యాను వేసినప్పుడు నిలబడి, పంపు వేసిన వెంటనే పడిపోతోందంటే పంపు రెజిన్ పగిలి కరెంటు నీళ్లలోకి కారుతోంది. పంపు తీగలు విడదీసి మళ్లీ ఫ్యాను వేసి చూస్తే అది రూఢి అవుతుంది. దాన్ని అతికించే మందేదీ లేదు, కొత్త పంపు కొనడమే.

కొత్త పంపు బిగించేటప్పుడు దాని తీగకు వేసే అతుకు తొట్టి నీటిమట్టానికి బాగా పైన, నీళ్లు చిందని చోట ఉండాలి. ఆ తీగను స్విచ్ పెట్టెలోకి తిన్నగా లాగకుండా, పెట్టె కంటే కాస్త కిందికి వేలాడదీసి మళ్లీ పైకి తిప్పి లోపలికి పంపాలి. అప్పుడు గడ్డి మీంచి తీగ వెంట జారే నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద రాలిపోతుంది, స్విచ్ దాకా రాదు.